మూడు నల్ల ప్యాంట్లు: స్ట్రీట్‌వేర్, అథ్లీజర్, టెక్‌వేర్ తేడా కొలిచి పట్టుకోవడం ఎలా

నల్ల కార్గో, నల్ల జాగర్, నల్ల టెక్ ప్యాంట్ ఫొటోలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మూడింటికీ జేబులుంటాయి, మూడూ చీలమండ దగ్గర సన్నబడతాయి. కార్గో వీధి ఫ్యాషన్ అయిన స్ట్రీట్‌వేర్‌ది, జాగర్ జిమ్ బట్టల నుంచి వచ్చిన అథ్లీజర్‌ది, టెక్ ప్యాంట్ పనికొచ్చే సామగ్రిలా కుట్టే టెక్‌వేర్‌ది. అమ్మేవాళ్లు కూడా ఈ మూడు పేర్లూ కలిపి రాసేస్తున్నారు. "ఇది టెక్‌వేరేనా?" అంటూ నాకు వచ్చే ఫొటోల్లో సగానికి పైగా ఇలాంటి నల్ల ప్యాంట్లే.

రంగు, లోగో, జేబుల సంఖ్య చూసి తేల్చాలనుకుంటే తేలదు. నేను వాడే పద్ధతి వేరు. మనిషి కదలాలంటే బట్టలో ఎక్కడో ఒకచోట అదనపు చోటు ఉండాలి. ఆ చోటును స్ట్రీట్‌వేర్ బయటికే, అందరికీ కనిపించేలా వదులుగా ఉంచుతుంది. అథ్లీజర్ దాన్ని దారంలో, సాగే గుణంలో పెడుతుంది. టెక్‌వేర్ కత్తిరింపులో దాస్తుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే కొలతలు, బట్ట, రూపం అన్నీ దాని వెంటే వస్తాయి.

ప్యాంటుతోనే ఎందుకంటే తేడా అక్కడే కచ్చితంగా కొలతకు దొరుకుతుంది. హుడీలకు, జాకెట్లకు ఇదే పద్ధతి ఎలా పనిచేస్తుందో మధ్యలో చెబుతాను.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- దర్జీలు వాడే మెత్తటి టేపు
- ప్యాంటు పూర్తిగా పరచగలిగే బల్ల లేదా నేల
- చిన్న గిన్నెలో నీళ్లు
- మంచి వెలుతురు, ఒక నిలువుటద్దం
- మీ ఒంటి కొలతలు రాసుకున్న కాగితం

ఒంటి కొలతల్లో రెండు చాలు: పిరుదుల దగ్గర చుట్టుకొలత, తొడ పైభాగం చుట్టుకొలత. టేపు ఒంటిని నొక్కకూడదు, వేలాడకూడదు. పల్చటి బట్టల మీద కొలవండి. జీన్స్ మీద కొలిస్తే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ వస్తాయి, దాంతో తర్వాతి లెక్కంతా తప్పుతుంది.

సైజు లేబుల్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. ఒక చోట ఎం అన్నది ఇంకో చోట ఎల్. స్ట్రీట్‌వేర్‌లోనైతే ఎం అని రాసి ఉన్నది కావాలనే రెండు సైజులు పెద్దదిగా కుట్టి ఉండవచ్చు.

## 2. మొదటి మెట్టు: వదులు ఎంత ఉందో లెక్కగట్టండి

ప్యాంటును బల్ల మీద పరిచి ముడతలు చేత్తో సరిచేయండి. సాగదీయొద్దు. నాలుగు చోట్ల అడ్డంగా కొలవండి: పిరుదులు వచ్చే వెడల్పాటి చోటు, తొడ (క్రాచ్‌కు, అంటే రెండు కాళ్ల కుట్లు కలిసే చోటుకు వేలెడు కింద), మోకాలు, కాలి అంచు. ప్రతి అంకెనూ రెండింతలు చేస్తే చుట్టుకొలత వస్తుంది. అందులోంచి ఒంటి కొలత తీసేస్తే మిగిలేదే వదులు.

నా దగ్గరున్న మూడు ప్యాంట్ల లెక్క చూడండి. ఒంటి కొలతలు పిరుదుల దగ్గర 98 సెంటీమీటర్లు, తొడ 57.

మొదటిది, స్ట్రీట్‌వేర్ కార్గో. పిరుదుల దగ్గర పరిచిన కొలత 59, అంటే చుట్టూ 118. వదులు 20. తొడ 36, చుట్టూ 72, వదులు 15. కాలి అంచు 23. వేసుకుంటే క్రాచ్ ఒంటికి 7 సెంటీమీటర్ల కింద వేలాడుతుంది.

రెండోది, అథ్లీజర్ జాగర్. పిరుదుల దగ్గర 47, చుట్టూ 94. ఒంటి కంటే 4 తక్కువ! తొడ 28, చుట్టూ 56, అదీ ఒకటి తక్కువే. కాలి అంచు 11. అయినా ఎక్కడా పట్టేయదు, ఎందుకంటే బట్టే సాగుతుంది. దుస్తుల తయారీలో దీన్ని నెగెటివ్ ఈజ్ అంటారు. లెగ్గింగ్స్ అన్నీ ఈ లెక్కలోనే కుడతారు. జాగర్లలో కొన్ని కాస్త వదులుగానూ వస్తాయి, కానీ ఆ వదులు నాలుగైదు సెంటీమీటర్లు దాటడం అరుదు.

మూడోది, టెక్‌వేర్ ప్యాంట్. పిరుదుల దగ్గర 55, చుట్టూ 110, వదులు 12. తొడ 34, వదులు 11. కాలి అంచు 17, బొందు లాగితే 12. క్రాచ్ ఒంటికి 2 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది.

అంకెలు చూస్తే టెక్‌వేర్ మిగతా రెండింటికీ మధ్యలో ఉన్నట్టుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి "కొంచెం సన్నటి కార్గో" అని తేల్చేస్తారు. అసలు తేడా ఈ అంకెల్లో కనిపించదు, తర్వాతి మెట్టులో బయటపడుతుంది.

## 3. రెండో మెట్టు: కదిలి చూడండి

ప్యాంటు వేసుకుని అద్దం ముందు మూడు పనులు చేయండి. గొంతుక్కూర్చోండి. ఒక మోకాలిని నడుము ఎత్తుకు లేపండి. ఎత్తైన మెట్టు ఎక్కుతున్నట్టు అడుగు వేయండి. ప్రతిసారీ రెండు చోట్లే గమనించండి: వెనక నడుము పట్టీ ఎంత కిందికి జారింది, కాలి అంచు ఎంత పైకి లేచింది.

స్ట్రీట్‌వేర్ కార్గోలో 20 సెంటీమీటర్ల వదులున్నా మోకాలు ఎత్తగానే ప్యాంటు మొత్తం లాగుతుంది. కారణం క్రాచ్ కిందికి ఉండటం. రెండు కాళ్లు కలిసే కుట్టు తొడల మధ్యకు దిగిపోయింది కాబట్టి, ఒక కాలు లేపితే అది రెండో కాలి గుడ్డను కూడా వెంట లాగుతుంది. లుంగీ కట్టుకుని పెద్ద అంగ వేయబోతే ఏమవుతుందో ఇక్కడా అదే. వదులు ఉన్నంత మాత్రాన కదలిక సులువవుతుందన్న గ్యారంటీ లేదు. ఇది లోపం కాదు. ఆ బట్ట నిలబడ్డప్పుడు, నడిచేటప్పుడు పడే మడతల కోసం కుట్టినది. చెప్పు మీద గుడ్డ కుప్పగా వాలాలి, అదే దాని అందం.

అథ్లీజర్ జాగర్‌లో నడుము పట్టీ కదలదు, అంచు కూడా కదలదు. బట్ట చర్మంతో పాటే సాగి వెనక్కి వస్తుంది.

టెక్‌వేర్‌లోనూ నడుము పట్టీ దాదాపు కదలదు. బట్ట మాత్రం పెద్దగా సాగేది కాదు. ఎలా? ప్యాంటును లోపలి వైపు తిప్పి చూడండి. క్రాచ్ దగ్గర నాలుగు కుట్లు ఒకే బిందువులో కలవకుండా, మధ్యలో వజ్రం ఆకారంలో ఒక ముక్క వేసి ఉంటుంది. దాన్నే గసెట్ అంటారు. కాళ్లు ఎడం చేసినప్పుడు ఆ ముక్క విచ్చుకుంటుంది, మామూలుగా నిలబడ్డప్పుడు ముడుచుకుని కనిపించకుండా ఉంటుంది. మోకాలి దగ్గర చిన్న చిన్న మడత కుట్లు, అంటే డార్ట్‌లు ఉంటాయి. వాటివల్ల కాలి గొట్టం ముందే కాస్త వంగిన ఆకారంలో తయారవుతుంది. బల్ల మీద పరిస్తే ఈ ప్యాంటు నిటారుగా పడదు, మోకాలి దగ్గర ఉబ్బి ఉంటుంది. పరిచినప్పుడు చదునుగా పడుకునే ప్యాంటును టెక్‌వేర్ అని అమ్ముతుంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది.

హుడీకి, జాకెట్‌కు ఇదే పరీక్ష చేతులతో చేయండి. రెండు చేతులూ తల మీదికి లేపండి. స్ట్రీట్‌వేర్ హుడీలో భుజం కుట్టు భుజం చివర కాక నాలుగు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు కిందికి, చేతి మీదికి దిగి ఉంటుంది. చంక లోతుగా ఉంటుంది. అందుకే చేతులు లేపితే హుడీ అంచు బొడ్డు దాకా లేచిపోతుంది. టెక్‌వేర్ జాకెట్‌లో చంక ఎత్తుగా, కింద ఒక అదనపు ముక్కతో ఉంటుంది కాబట్టి అంచు కొద్దిగానే లేస్తుంది. అథ్లీజర్ పైదుస్తుల్లో చాలాసార్లు రాగ్లాన్ కుట్టు ఉంటుంది, అంటే చేతి కుట్టు చంక నుంచి ఏటవాలుగా మెడ దాకా వెళుతుంది. రాగ్లాన్ పాత స్పోర్ట్స్ స్వెట్‌షర్టుల్లోనూ ఉంటుంది కాబట్టి అదొక్కటే చూసి నిర్ణయించొద్దు.

## 4. మూడో మెట్టు: బట్ట ఏం పని చేస్తోందో చూడండి

ముందు లేబుల్ చదవండి, తర్వాత చేత్తో నమ్మకం కుదుర్చుకోండి.

సాగదీసి చూడటం. బట్ట మీద 10 సెంటీమీటర్లు గుర్తుపెట్టి అడ్డంగా మెల్లగా లాగండి. మందపాటి కాటన్ ట్విల్ 10 నుంచి పదిన్నర దాటదు. అథ్లీజర్ బట్ట సులువుగా 15 దాకా వెళ్తుంది, నిలువునా అంతే, వదలగానే వెనక్కి వచ్చేస్తుంది. లేబుల్‌లో నైలాన్ లేదా పాలియెస్టర్‌తో పాటు ఎలాస్టేన్ 15 నుంచి 25 శాతం కనిపిస్తే అది ఈ కోవలోదే. ఎలాస్టేన్, స్పాండెక్స్ రెండూ ఒకటే. లైక్రా అనేది దానికే ఒక బ్రాండ్ పేరు. టెక్‌వేర్ ప్యాంట్లలో ఎలాస్టేన్ ఉంటే కొద్ది శాతమే ఉంటుంది, చాలా వాటిలో అసలు ఉండదు.

బరువు చూడటం. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత జీఎస్ఎం. మామూలు టీ షర్టు 150 నుంచి 180 మధ్య ఉంటుంది. స్ట్రీట్‌వేర్ టీ షర్టు 220 నుంచి 280, హుడీ 400 పైన కూడా ఉంటుంది. ఇది డాబు కోసం కాదు. వదులుగా కుట్టిన బట్ట బరువుగా లేకపోతే ఒంటికి అతుక్కుని నలిగినట్టు కనిపిస్తుంది. డబ్బాలాంటి ఆకారం నిలవాలంటే గుడ్డ తన బరువుతో తానే వేలాడాలి. పల్చటి టీ షర్టును రెండు సైజులు పెద్దది కొని "స్ట్రీట్‌వేర్ లుక్ ఎందుకు రావట్లేదు" అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. సైజు కాదు, జీఎస్ఎం పెంచండి.

నీటి చుక్క పరీక్ష. ప్యాంటు తొడ మీద నాలుగు చుక్కలు వేసి ఒక నిమిషం ఆగండి. కాటన్ పీల్చుకుంటుంది. అథ్లీజర్ బట్టలో నీరు పక్కలకు పాకి పల్చగా పరుచుకుంటుంది, చెమటను త్వరగా ఆరబెట్టడానికి అది అలా పాకాలి. టెక్‌వేర్ బట్ట మీద నీరు తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలుస్తుంది. అలా నిలిపేది బట్ట పైన వేసిన నీటిని తోసే పూత, దాని పొట్టి పేరు డీడబ్ల్యూఆర్.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది. పూత వేరు, పొర వేరు. గోర్‌టెక్స్ లాంటి పొర బట్ట లోపలి వైపు అతికించి ఉంటుంది. నీటి చుక్కను ఆపుతుంది, చెమట ఆవిరిని మాత్రం బయటికి పోనిస్తుంది. కొన్ని జాకెట్లపై 20,000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది. బట్ట మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలిపినా నీరు లోపలికి దిగదని దానర్థం. పూత అరిగిపోతే పైబట్ట తడిసి బరువెక్కుతుంది, ఆవిరి బయటికి వెళ్లే దారి మూసుకుపోతుంది, లోపల చెమట చేరుతుంది. "జాకెట్ లీక్ అవుతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇదే జరుగుతుంది. పొర బాగానే ఉంటుంది, పూతే పోతుంది.

పొర ఉన్న జాకెట్‌ను తిప్పి చూస్తే కుట్ల మీద సన్నటి టేపు అతికించి కనిపిస్తుంది. సూది గుచ్చిన ప్రతి రంధ్రం నీటికి దారే కాబట్టి ఆ టేపు తప్పనిసరి. ప్యాంట్లలో మాత్రం పొర లేనివే ఎక్కువ, దట్టంగా నేసిన నైలాన్ మీద పూత ఉంటే చాలు. ఇంకో పరిమితి కూడా చెప్పాలి. లోపలి తేమ, బయటి తేమల మధ్య తేడా ఉన్నప్పుడే ఆవిరి బయటికి కదులుతుంది. వేడిగా, ఉక్కగా ఉన్న రోజున ఎంత ఖరీదైన పొర అయినా చల్లగా ఉంచలేదు. అలాంటి చోట ఉండేవాళ్లు పొర లేని టెక్‌వేర్‌తో సరిపెట్టుకోవడమే తెలివైన పని.

## 5. నాలుగో మెట్టు: ఇది దేన్ని గుర్తుచేస్తోంది?

ప్రతి శైలీ ఇంకెక్కడి నుంచో రూపాలు తెచ్చుకుంటుంది. ఆ తెచ్చుకున్న భాగాన్ని ఏం చేస్తుందన్నదే చూడాలి.

స్ట్రీట్‌వేర్ స్కేట్‌బోర్డ్, సర్ఫింగ్, హిప్‌హాప్, కాలేజీ క్రీడా జట్లు, కార్మికుల పనిబట్టలు, సైన్యం మిగులు సరుకు నుంచి తీసుకుంటుంది. తీసుకున్నదాన్ని గుర్తుగా వాడుతుంది. కార్గో జేబు అక్కడ సైనికుడి ప్యాంటును గుర్తు చేస్తే చాలు, అందులో ఏదీ పెట్టకపోయినా ఫర్వాలేదు. ఛాతీ మీద అక్షరాలు, వీపంతా పరుచుకున్న బొమ్మ, లోగో అన్నీ చూసేవాళ్లతో మాట్లాడేవే. స్టూసీ, సుప్రీమ్, బేప్ బ్రాండ్లు మూడింటిలోనూ లోగోకు అంత చోటు ఉండేది అందుకే.

అథ్లీజర్ యోగా గది, జిమ్, పరుగు బాట నుంచి వస్తుంది. లోగో చిన్నది, ఒక్కోసారి వెలుతురు పడితేనే మెరుస్తుంది. గీతలన్నీ కండరాల వెంట పోతాయి, తొడ పక్కన వంపు తిరిగిన కుట్టు కాలిని పొడవుగా చూపిస్తుంది. ఆ కుట్లు కూడా చదునుగా ఉంటాయి. వేలితో రాస్తే గట్టు తగలదు, ఎందుకంటే చర్మాన్ని రాపిడి నుంచి కాపాడాలి. దీన్ని ఫ్లాట్‌లాక్ కుట్టు అంటారు. లులూలెమన్ లాంటి బ్రాండ్ల లెగ్గింగ్స్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

టెక్‌వేర్ పర్వతారోహణ, సైనిక సామగ్రి, మోటార్‌సైకిల్ దుస్తులు, యంత్రాలతో నిండిన చీకటి భవిష్యత్తును చూపే సైబర్‌పంక్ ఊహాలోకం నుంచి తెచ్చుకుంటుంది. జర్మనీకి చెందిన, 1994లో మొదలైన అక్రోనిమ్ బ్రాండ్ ఈ రూపానికి అందరూ చూపించే ఉదాహరణ. ఇందులో తెచ్చుకున్న ప్రతి భాగం పని చేయాలి. అందుకే నా పరీక్ష ఒక్కటే: పట్టీని పట్టుకుని లాగండి. ఏదో ఒకటి బిగియాలి, వదులవ్వాలి, లేదా ఏదైనా తగిలించగలగాలి. ఏమీ జరగకపోతే అది అలంకారం.

సైన్యం సంచుల మీద వరసలుగా కుట్టే పట్టీలకు కచ్చితమైన కొలత ఉంది. అంగుళం వెడల్పు పట్టీ, వరసకూ వరసకూ మధ్య అంగుళం ఎడం, ఒకటిన్నర అంగుళానికి ఒకసారి గట్టి కుట్టు. ఈ లెక్క తప్పితే దానికి సంచి తగిలించడం కుదరదు. టేపు దగ్గరే ఉంది కదా, కొలవండి.

## 6. ఒక కేసు పూర్తిగా: "టెక్‌వేర్" అని వచ్చిన నాలుగో ప్యాంటు

రెండేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒక ప్యాంటు కొన్నాను. పేరులోనే టెక్‌వేర్, టాక్టికల్ అన్న రెండు మాటలూ ఉన్నాయి. ఫొటోలో నాలుగు పట్టీలు, ఆరు జేబులు, కాలి దగ్గర బిగువు. వచ్చాక ఇదే వరసలో చూశాను.

కొలతలు: పిరుదుల దగ్గర వదులు 18, తొడ దగ్గర 14. క్రాచ్ 6 సెంటీమీటర్ల కింద. అంచు 12, కానీ బొందుతో కాదు, మామూలు ఎలాస్టిక్‌తో. అంటే వదులు చేసుకునే వీలు లేదు.

కదలిక: మోకాలు ఎత్తితే వెనక నడుము పట్టీ నాలుగు వేళ్లు దిగింది. గసెట్ లేదు. బల్ల మీద చదునుగా పడుకుంది.

బట్ట: పాలియెస్టర్ 65, కాటన్ 35 శాతం. నీటి చుక్క ఇరవై సెకన్లలో ఇంకిపోయింది. పనిబట్టలకు ఎక్కువగా వాడే మిశ్రమం ఇది. గట్టిది, మన్నుతుంది, కానీ వానకు పనికిరాదు.

రూపం: నాలుగు పట్టీల్లో రెండు రెండు చివర్లా కుట్టేసి ఉన్నాయి. లాగితే ఏదీ కదల్లేదు. మిగతా రెండు నడుము నుంచి వేలాడి తలుపు గొళ్లేలకు తగులుకునేవి.

తీర్పు: ఇది టెక్‌వేర్ వేషం కట్టిన స్ట్రీట్‌వేర్ కార్గో. అలా తెలిశాక దాన్ని పడేయాల్సిన పని లేకపోయింది. వేలాడే పట్టీలు రెండూ విప్పేశాను. వాటర్‌ప్రూఫ్ జాకెట్ పక్కనపెట్టి, 240 జీఎస్ఎం టీ షర్టు, మందపాటి అడుగున్న బూట్లతో వేసుకుంటున్నాను. ఇప్పుడు అది తన చోట తాను ఉంది, చక్కగా ఉంది.

## 7. ఒంటి మీద జత కుదిర్చే క్రమం

అందరూ పైదుస్తుతో మొదలుపెడతారు. కాలి అంచుతో మొదలుపెట్టండి, ఎందుకంటే అది బూటును నిర్ణయిస్తుంది, బూటు మిగతా బరువునంతా నిర్ణయిస్తుంది.

అంచు 20 సెంటీమీటర్లు దాటితే బూటు వెడల్పుగా, బరువుగా ఉండాలి. సన్నటి రన్నింగ్ షూ వేస్తే గుడ్డ దాన్ని మింగేస్తుంది, పాదం చిన్నబోతుంది. పైన టీ షర్టు వెడల్పుగా, పొట్టిగా, నడుము ఎముక దాకానే ఉండాలి. పైనా కిందా రెండూ పొడవుగా వేలాడితే ఒళ్లు కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది.

అంచు 11, 12 ఉన్న అథ్లీజర్ జాగర్‌కు చీలమండ కనిపించేలా తేలికైన షూ సరిపోతుంది. పైదుస్తు ఒంటిని ఆనుకుని ఉంటే బాగుంటుంది. వదులు పైదుస్తు కావాలంటే అది మాత్రమే వదులుగా ఉండనివ్వండి.

టెక్‌వేర్‌లో బొందు ఎంత బిగించాలన్నది బూటును బట్టి. ఎత్తు బూటు అయితే అంచును బూటు పైన బిగించండి, పొట్టి షూ అయితే సగం వదలండి. జాకెట్ లోపల ఇంకో పొర పట్టేంత చోటు ఉండాలి. ఒట్టి టీ షర్టు మీద వేసినప్పుడు కాస్త పెద్దదిగా అనిపిస్తే అది సరైన సైజే.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

మూడూ ఒకేసారి కలపడం. బిగుతు లెగ్గింగ్స్, డబ్బా హుడీ, పట్టీల జాకెట్ ఒకదానిమీద ఒకటి వేస్తే కన్ను ఎక్కడా ఆగదు. రెండు శైలుల దాకా కలపొచ్చు. కలిపినప్పుడు ఆకారం ఒకదాని నుంచి, బట్ట రెండోదాని నుంచి తీసుకోండి. ఉదాహరణకు వదులు స్ట్రీట్‌వేర్ ఆకారంలో కుట్టిన నల్ల నైలాన్ ప్యాంటు బాగా కుదురుతుంది.

లెగ్గింగ్స్ సైజు నిలబడి చూసి తీసుకోవడం. గొంతుక్కూర్చుని అద్దంలో వెనక చూడండి. బట్ట సాగి తెల్లబారినా, లోపలిది కనిపించినా ఒక సైజు పెంచండి, లేదా మందమైన బట్ట వెతకండి.

హుడీ ఉతికాక పొట్టిగా మారడం. కాటన్ అల్లిక బట్ట వెడల్పు కంటే పొడవులో ఎక్కువ కుదించుకుంటుంది. డబ్బా ఆకారం ముందే పొట్టిది కాబట్టి రెండు మూడు సెంటీమీటర్లు తగ్గినా తెలిసిపోతుంది. చల్లటి నీళ్లలో ఉతికి, డ్రయ్యర్‌కు ఇవ్వకుండా పరిచి ఆరబెట్టండి. ఈ సమస్యకే ఛాంపియన్ కంపెనీ రివర్స్ వీవ్ పద్ధతి తెచ్చింది. బట్టను అడ్డంగా తిప్పి కత్తిరించి, పక్కల్లో సాగే పట్టీలు వేశారు, దాంతో పొడవు తగ్గడం ఆగింది. కొనేటప్పుడు పక్కన అలాంటి పట్టీ ఉందేమో చూడండి.

ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అన్నింటికీ పోయడం. అథ్లీజర్ బట్టలో అది చెమట పాకే దారిని మూసేస్తుంది, టెక్‌వేర్‌లో పూతను చెడగొడుతుంది. రెండింటికీ అసలు వద్దు. ఎలాస్టేన్ ఉన్నవాటికి క్లోరిన్ బ్లీచ్, ఎక్కువ వేడి కూడా తగలనివ్వొద్దు, మోకాళ్ల దగ్గర సంచుల్లా సాగిపోతాయి.

నీరు నిలవడం లేదని జాకెట్ పక్కన పెట్టేయడం. ముందు సబ్బు జాడ లేకుండా బాగా జాడించి ఉతకండి. ఆరాక లేబుల్ అనుమతిస్తే తక్కువ వేడిలో డ్రయ్యర్‌లో తిప్పండి, లేదా పైన గుడ్డ వేసి తక్కువ వేడిలో ఇస్త్రీ చేయండి. వేడికి పూత మళ్లీ లేస్తుంది. అప్పటికీ చుక్క నిలవకపోతే కొత్త పూత స్ప్రే కొట్టాలి. లోపలి పొరే ఊడి పొలుసులు రాలుతుంటే మాత్రం ఇంట్లో చేయగలిగింది లేదు.

## 9. ట్రయల్ రూమ్‌లో వరసగా చూసుకోవాల్సినవి

- పరిచిన కొలత రెండింతలు చేసి ఒంటి కొలత తీసేశానా? వదులు ఎంత?
- బల్ల మీద చదునుగా పడుకుందా, మోకాలి దగ్గర వంగి ఉందా?
- మోకాలు ఎత్తితే వెనక నడుము పట్టీ ఎన్ని వేళ్లు దిగింది?
- లోపల గసెట్ ఉందా? కుట్లు చదునుగా ఉన్నాయా?
- 10 సెంటీమీటర్ల బట్ట ఎంత సాగింది, వెంటనే వెనక్కి వచ్చిందా?
- లేబుల్‌లో ఎలాస్టేన్ ఎంత శాతం?
- ప్రతి పట్టీ, ప్రతి కొక్కెం ఏదైనా పని చేస్తోందా?
- ఇంట్లో ఉన్న బూటుకు ఈ కాలి అంచు కుదురుతుందా?

నీటి చుక్క పరీక్ష షాపులో చేయలేం. ఆన్‌లైన్‌లో కొన్నా, బయట కొన్నా, ట్యాగు తెంపకముందే ఇంట్లో చేసుకోండి. మామూలు నీళ్లు నాలుగు చుక్కలే కాబట్టి మరక పడదు.